ఫోటోలో పసుపుగా, కోలగా కనబడితే మా మామ్మ రూపాయలు నకిలీవేనా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారమండి. మా మామ్మది మెడలో వేసుకునే రూపాయల పేరు ఒకటి ఉంది, జార్జి రాజు బొమ్మ ఉన్న పాత వెండి రూపాయలకి పైన గొట్టంలాంటి కొక్కెం అతికించి తాడుకి గుచ్చినవి. ఇప్పుడు మా నాన్న, బాబాయి, అత్త పంచుకుందాం అనుకుంటున్నారు, అందుకని ముందు అవి అసలువో కావో తెలుసుకుందామని రెండింటికి ఫోన్లో ఫోటోలు తీసి ఒక పాత నాణేల గ్రూపులో పెట్టాను. రెండింటి మీదా 1918 అనే ఉంది. గంటలో నలుగురు వచ్చి నాలుగు మాటలు అనేశారు. రంగు పసుపుగా ఉంది కాబట్టి ఇత్తడి మీద వెండి పూత అని ఒకరు, గుండ్రంగా లేదు కోలగా ఉంది కాబట్టి పోత పోసిన నకిలీ అని ఇంకొకరు, పైన ఉన్న అక్షరాలకంటే కింద 1918 అంకెలు లావుగా ఉన్నాయి కాబట్టి అచ్చు వేరని మూడో ఆయన, నాలుగో ఆయనైతే నేను పక్కన పెట్టిన స్కేలు చూసి 31 మిల్లీమీటర్లు దాటింది అసలు రూపాయి 30.5 ఉండాలి అన్నారు. ఆఖర్న ఒకాయన పర్సనల్ మెసేజ్ పెట్టి ఎలాగూ నకిలీయే కదా తక్కువకి ఇచ్చేస్తారా అని అడిగారు. చేతిలో పట్టుకుంటే నాకు పసుపూ కనబడదు కోలా కనబడదు. నా కళ్ళు నమ్మాలా ఫోటో నమ్మాలా తెలీట్లేదు, ఎవరైనా చెప్పండి, ఇంట్లో అందరూ నన్నే అడుగుతున్నారు.

గుణుపూర్ మాస్టారు

అమ్మా, కంగారు పడకు. ఐదో జార్జి రూపాయి బరువు 11.66 గ్రాములు, అడ్డకొలత 30.5 మి.మీ. దగ్గర, వెండి నూటికి 91.7 పాళ్ళు. 1918వి చాలా ఎక్కువగా కొట్టారు, అరుదైనవి కావు. అయినా నగల కోసం, పూజల కోసం మామూలు సంవత్సరాలవి కూడా పోత పోసి అమ్మేవాళ్ళు ఉన్నారు కాబట్టి చూసుకోవడం మంచిదే. కోలగా రావడం గురించి అయితే ఫోన్లలో వైడ్ లెన్సు ఉంటుంది, అది అంచుల్లో ఏ వస్తువునైనా లాగేస్తుంది, అంతకుమించి అందులో ఏమీ లేదు. బొంబాయి టంకశాల ముద్ర చుక్క ఉందో లేదో చూసి చెప్పు, కలకత్తా అయితే ఏ గుర్తూ ఉండదు.

రాయగడ చిన్నారావు

మాస్టారూ నా దగ్గర 1911 పంది రూపాయి ఉన్నాది, ఏనుగు బొమ్మ పందిలా కనిపిస్తాది అంటారు కదా అదే, ఎంతకి పోతాది? ఫోటో పెడతాను చూసి రేటు చెప్పండి, నాకు అర్జెంటు.

గుణుపూర్ మాస్టారు

చిన్నారావూ, దానికి వేరే పోస్టు పెట్టుకో నాయనా. రాజు అంగీ మీద ఏనుగు తొండం పొట్టిగా ఉండడంతో పందిలా ఉందని గొడవైతే మరుసటి ఏడాదికి బొమ్మ మార్చారు, అదంతా నిజమే. కానీ ఫోటో చూసి రేటు చెప్పమంటావు, ఫోటోని నమ్మొచ్చా అనేదేగా ఇక్కడ ఆ అమ్మాయి అడుగుతోంది.

ఫోకస్ బరంపురం

మహేంద్రతనయ గారూ, నేను బరంపురంలో స్టూడియో నడుపుతాను, పట్టు చీరల కేటలాగులు తీస్తాను కాబట్టి ఈ రంగు తగాదా నాకు రోజూ ఉండేదే. ముందు మీ రెండు ఫోటోలూ వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపండి, మామూలుగా పంపితే అది చిన్నది చేసి నొక్కేస్తుంది. పంపేముందు గేలరీలో ఫోటో వివరాలు తెరిచి ఫోకల్ లెంత్ ఎంత ఉందో చూడండి, 35 ఎంఎం సమానం అని ఒక అంకె ఉంటుంది. ఎంత దూరం నుంచి తీశారు, నాణెం కింద ఏ రంగు గుడ్డ వేశారు, గదిలో ఏ లైట్లు వెలుగుతున్నాయి, ఇవి కూడా చెప్పండి. ఇవన్నీ తెలిసేదాకా కోల అనీ పసుపు అనీ ఎవరూ తీర్పు ఇవ్వకూడదు.

మహేంద్రతనయ

పంపానండి. వివరాల్లో 13 అని ఉంది. దగ్గరికి పెడితేనే అక్షరాలు కనబడతాయని ఫోన్ బాగా దించి తీశాను, ఒక జానెడు కూడా ఉండదు, నాలుగైదు వేళ్ళ దూరం అనుకోండి. కింద మామ్మ నీలం పట్టు గుడ్డ వేశాను, తెల్ల నాణెం ఎత్తి కనబడుతుందని. పైన పాతకాలం పసుపు బల్బు, పక్కన కిటికీ తెరిచి ఉంది.

ఫోకస్ బరంపురం

అనుకున్నట్టే ఉంది. 13 అంటే ఫోన్ మీకు చెప్పకుండా అల్ట్రావైడ్ లెన్సుకి మారిపోయింది, ఇప్పుడొచ్చే చాలా ఫోన్లు దగ్గరి వస్తువుకి మేక్రో అని అదే వాడతాయి. మెయిన్ లెన్సైతే 24 ప్రాంతంలో చూపిస్తుంది. కానీ అసలు సంగతి లెన్సు కంటే దూరంలో ఉంది, ఒకటొకటిగా చెబుతాను.

మీ మొదటి ఫోటోని కంప్యూటర్లో పెట్టి కొలిచాను. రూపాయి అడ్డంగా 1212 పిక్సెళ్ళు, నిలువుగా 1171. అంటే నిలువు కొలత అడ్డానికి 0.966 వంతు. గుండ్రటి బిళ్ళని కొంచెం వాల్చి చూస్తే కోలగా కనబడుతుంది, ఎంత వాలితే అంత. పదిహేను డిగ్రీలు వాలితే సరిగ్గా ఈ 0.966 వస్తుంది. చేత్తో ఫోన్ పట్టుకుని, మన నీడ పడకుండా కొంచెం పక్కకి జరిగి తీస్తే పదిహేను డిగ్రీలు పెద్ద విషయమేం కాదు, మనకి తెలీకుండానే వాలిపోతుంది. పైగా మీ రూపాయికి కొక్కెం ఉంది, అది ఒక పక్క ఎత్తి పెడుతుంది, అలాంటప్పుడు ఫోన్ సరిగ్గా పట్టుకున్నా నాణెమే వాలి ఉంటుంది.

ఇప్పుడు 1918 అంకెలు లావుగా ఉన్న సంగతి. ఎనిమిది సెంటీమీటర్ల దూరం నుంచి తీశారనుకుందాం. పదిహేను డిగ్రీలు వాలిన రూపాయిలో ఒక అంచు మధ్యభాగం కంటే దాదాపు నాలుగు మిల్లీమీటర్లు లెన్సుకి దగ్గరగా, ఎదురంచు నాలుగు మిల్లీమీటర్లు దూరంగా ఉంటుంది. అంటే ఒక అంచు 76 మి.మీ. దూరంలో, రెండోది 84 మి.మీ. దూరంలో. దగ్గరున్నది పెద్దగా కనబడుతుంది కదా, ఎంత పెద్దగా అంటే నూటికి పది వంతులు. కింది అంచు లెన్సు వైపు వచ్చేటట్టు మీరు ఫోన్ పట్టుకున్నారు కాబట్టి కింద ఉన్న 1918 నూటికి పది వంతుల దాకా లావెక్కింది. అచ్చు తేడా లేదు ఏమీ లేదు. అదే వాలుతో నలభై సెంటీమీటర్ల దూరం నుంచి తీసి ఉంటే ఆ తేడా నూటికి రెండు వంతులే, ఎవరి కంటికీ ఆనదు. అందుకే నాణెం తీయాలంటే దూరం జరిగి తీసి తర్వాత కత్తిరించుకోవాలి గానీ దగ్గరికి వెళ్ళకూడదు. దూరం నుంచి తీసినా కోలతనం అలాగే ఉంటుంది, అది వాలు వల్ల వచ్చేది కాబట్టి. అక్షరాల లావు తేడా మాత్రమే దూరంతో పోతుంది.

గుణుపూర్ మాస్టారు

నేను చెప్పిందీ అదేగా, వైడ్ లెన్సు లాగేస్తుందని.

ఫోకస్ బరంపురం

పూర్తిగా అది కాదు మాస్టారూ, ఇక్కడ ఒక మెలిక ఉంది. పెళ్ళి గ్రూపు ఫోటోలో చివర నిలబడ్డవాళ్ళ తల ఉబ్బినట్టు లాగుతుంది చూడండి, అది తలకి మందం ఉండడం వల్ల. బల్లపరుపుగా ఉన్న వస్తువు సెన్సార్‌కి సరిగ్గా సమాంతరంగా ఉంటే, గీతల్ని గీతలుగానే ఉంచే లెన్సు దాన్ని ఫ్రేము మూలలో పెట్టినా లాగదు, గుండ్రం గుండ్రంగానే వస్తుంది. లాగింది అంటే రెండే కారణాలు ఉంటాయి. ఒకటి వాలు. రెండోది అల్ట్రావైడ్ లెన్సులకి ఉండే పీపాలాంటి వంపు, దాన్ని ఫోన్ సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది గానీ అంత దగ్గరికి వెళ్ళినప్పుడు అన్ని ఫోన్లలో పూర్తిగా సరిచేయలేదు, మూలల్లో కొంత మిగిలిపోతుంది. ఇక్కడ ఆవిడ రూపాయి ఫ్రేము మధ్యలోనే ఉంది కాబట్టి ఆ వంపు పాత్ర తక్కువ, వాలుదే ఎక్కువ. ఇది ఎందుకు పట్టి పట్టి చెబుతున్నానంటే, వైడ్ లెన్సు లాగేస్తుందిలే అని నిజంగా గుండ్రంగా లేని నకిలీని కూడా వదిలేసే ప్రమాదం ఉంది.

తేల్చుకోవడం సులువు. మన ఇప్పటి పది రూపాయల బిళ్ళ అడ్డకొలత 27 మి.మీ., అది కచ్చితంగా గుండ్రం. దాన్ని రూపాయి పక్కనే అదే వాలులో పెట్టి ఒకే ఫోటోలో తీయండి. పది బిళ్ళ కూడా అదే పాళ్ళలో కోలగా వస్తే తప్పు కెమెరాది. పది బిళ్ళ గుండ్రంగా వచ్చి మామ్మ రూపాయి మాత్రం కోలగా వస్తే అప్పుడు ఆలోచించాలి.

కొరాపుట్ విజయ్

ఇవన్నీ బాగానే ఉన్నాయి గానీ స్కేలు సంగతి ఏటి? స్కేలు పక్కనే ఉంది కదా ఫోటోలో, స్కేలు కూడా అదే వాలులో ఉంది కదా, మరి 31 దాటి ఎందుకు చూపిస్తాది. నేను చాలా ఏళ్ళుగా గ్రూపుల్లో చూస్తున్నాను, అలవాటు పడిన కంటికి ఫోటోలోనే తెలిసిపోతాది, అంత లెక్కలు అవసరం లేదు.

ఫోకస్ బరంపురం

విజయ్ గారూ, మంచి ప్రశ్న వేశారు. స్కేలు బల్ల మీద ఉంది. రూపాయి పైముఖం బల్ల మీద లేదు, రూపాయి మందమంత పైకి ఉంది, రెండు మిల్లీమీటర్లకి పైనే. రూపాయి ముఖం లెన్సుకి 80 మి.మీ. దూరంలో ఉంటే స్కేలు గీతలు 82 దాటి ఉంటాయి. ఆ కాస్త తేడాకే రూపాయి స్కేలు కంటే నూటికి దాదాపు మూడు వంతులు పెద్దగా కనబడుతుంది, 30.5 కాస్తా 31.3 అయిపోతుంది. ఆ గ్రూపులో ఆయన చదివిన కొలత సరిగ్గా అదే. నలభై సెంటీమీటర్ల నుంచి తీస్తే అదే స్కేలు మీద 30.7 లోపే చదువుతారు. లేదా స్కేలు కింద పాత విజిటింగ్ కార్డులు పేర్చి రూపాయి ముఖం ఎత్తుకి తెచ్చేస్తే ఏ దూరంలోనైనా సరిపోతుంది. అలవాటు పడిన కన్ను గొప్పదే, కాదనను. కానీ కన్ను అలవాటు పడింది బల్ల మీద స్కేలు పెట్టి దగ్గరగా తీసిన ఫోటోలకే అయితే అసలు రూపాయలన్నీ పెద్దవిగానే కనబడతాయి.

లక్ష్మి ఇచ్ఛాపురం

ఫోకస్ గారూ మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, నాకు కూడా ఇలాంటిదే. బరంపురం పట్టు చీర ఆన్‌లైన్‌లో చూసి మెరూన్ అని కొన్నాను, వచ్చింది ఇటుక రంగు. జరీ కూడా ఫోటోలో బంగారంలా ఉంది చేతికి వస్తే రాగిలా ఉంది. మోసం చేశారని గొడవ పెట్టుకున్నాను, వాళ్ళేమో మేము అదే చీర పంపాం అంటారు. ఇది కూడా లెన్సు వల్లేనా?

ఫోకస్ బరంపురం

లక్ష్మి గారూ, లెన్సు రంగుని అంత మార్చదు. అది వైట్ బేలన్స్ పని, దాని మీద మీ ఫోన్ తెర పని. ఆ చీరలో మోసం ఉందో లేదో నేను చెప్పలేను. మహేంద్రతనయ గారి రూపాయి పసుపు ఎందుకైందో చెబుతాను, మీ చీరకి కొంత అందులోనే దొరుకుతుంది.

ఫోన్‌కి లైటు ఏ రంగుదో తెలీదు, ఫ్రేములో ఉన్న రంగుల్ని బట్టి ఊహిస్తుంది. ఫ్రేము నిండా నీలం గుడ్డ ఉంటే లైటే నీలంగా ఉందేమో అని మొత్తం ఫోటోకి పసుపు కలుపుతుంది. గుడ్డ నీలం కాస్త తగ్గి కంటికి బాగానే ఉంటుంది, పాపం మధ్యలో ఉన్న వెండి మాత్రం పసుపెక్కి కూర్చుంటుంది. అదే రూపాయిని ఎర్ర గుడ్డ మీద పెట్టి తీయండి, ఈసారి నీలి ఛాయ వస్తుంది. ఫోన్లన్నీ ఒకేలా చేయవు, కొన్ని ఎక్కువ మోసపోతాయి కొన్ని తక్కువ, అయినా రంగు గుడ్డ వేసి తీసిన ఒక్క వెండి ఫోటో రంగు కూడా నేను నమ్మను.

ఇంకోటి, వెండి అంటే దాదాపు అద్దం. దానికి సొంత రంగు తక్కువ, గదిలో ఏది ఎదురుగా ఉంటే అది అందులో కనబడుతుంది. మీ పైన పసుపు బల్బు, పక్కన కిటికీ వెలుతురు. కిటికీ వైపు తిరిగిన అంచు నీలంగా, బల్బు వైపు తిరిగిన అంచు పసుపుగా వచ్చి ఉంటుంది, ఫోటోలో రాజు ముక్కుకి అటూ ఇటూ చూడండి, రెండు రంగులు ఉన్నాయి. రెండు రకాల లైట్లు ఉన్నప్పుడు ఏ సవరణా రెండింటినీ ఒకేసారి సరిచేయలేదు. బల్బు ఆర్పేయండి, కిటికీ ఒక్కటి చాలు, ఎండ నేరుగా పడకూడదు. చుట్టూ తెల్ల థర్మాకోల్ ముక్కలు నిలబెట్టండి, అప్పుడు వెండిలో తెలుపే కనబడుతుంది గానీ మీ గోడ రంగు, చీర రంగు కనబడవు.

ఇక తెలుపుకి సాక్షి కావాలి. అందరూ ప్రింటరు కాగితం పెడతారు. ఆ కాగితంలో తెల్లగా మెరవడానికి మందు కలుపుతారు, కిటికీ వెలుతురులో అది కాస్త నీలంగా వెలుగుతుంది. దాన్ని తెలుపు అని నమ్మి సవరిస్తే మళ్ళీ నాణెం కొంచెం పసుపెక్కుతుంది. ఫోటోగ్రాఫర్ల బూడిద రంగు కార్డు ఉంటే మంచిది, లేకపోతే ప్లంబరు కుళాయి మరలకి చుట్టే తెల్ల టెఫ్లాన్ టేపు పది పన్నెండు చుట్లు గాజు పలక మీద చుట్టి రూపాయి పక్కన పెట్టండి. దానికి ఏ ఛాయా ఉండదు, హార్డ్‌వేర్ కొట్లో చవగ్గా దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త, ఆ టేపు ఫోటోలో పూర్తిగా తెల్లబోయి మెరిసిపోకూడదు, అలా అయితే రంగు అంకెలన్నీ వాటి గరిష్ఠమైన 255కి తగిలి రంగు సమాచారం పోతుంది. కొంచెం చీకటిగా తీయండి.

మహేంద్రతనయ

మీరు చెప్పినట్టే తీశానండి. మా తమ్ముడు టేపు తెచ్చాడు. బల్బు ఆర్పి, కిటికీ పక్కన, థర్మాకోల్ మధ్య, పుస్తకాల దొంతర మీద ఫోన్ పెట్టి దూరం నుంచి మెయిన్ లెన్సుతో తీశాను. రూపాయి పక్కన పది బిళ్ళ కూడా పెట్టాను, కొక్కెం కోసం కింద అట్టముక్క కత్తిరించి సందు చేశాను, ఇప్పుడు నాణెం బల్లకి సమంగా ఉంది. ముందు నీలం గుడ్డ, తర్వాత ఎర్ర గుడ్డ వేసి కూడా చూశాను, మీరన్నది నిజమే, ఎర్ర గుడ్డ మీద రూపాయి స్టీలు గ్లాసులా నీలంగా వచ్చింది. మా మామ్మ చూసి ఆశ్చర్యపోయింది. ఫోటోలు డాక్యుమెంటుగా పెట్టాను.

ఫోకస్ బరంపురం

బ్రహ్మాండంగా తీశారు. పది బిళ్ళ, రూపాయలు రెండూ అడ్డం నిలువు సమానంగా వచ్చాయి, పిక్సెళ్ళలో పెద్దగా తేడా లేదు. పది బిళ్ళని 27 మి.మీ.గా పెట్టుకుంటే రూపాయలు రెండూ 30.5 దగ్గర తేలాయి. కోల, అక్షరాల లావు, 31 మి.మీ., ఈ మూడు అభియోగాలూ ఇక్కడితో పోయాయి.

రంగుకి వస్తే, ఫోటో ఎడిటర్లో రంగు పీల్చే గొట్టం గుర్తు ఉంటుంది, దాంతో చూశాను. టేపు మీద ఎరుపు 198, ఆకుపచ్చ 190, నీలం 172. మొదటి రూపాయి ఖాళీ జాగాలో ఎరుపు 176, ఆకుపచ్చ 168, నీలం 150. టేపులో ఎరుపు ఆకుపచ్చ కంటే నూటికి నాలుగు ఎక్కువ, రూపాయిలో ఐదు ఎక్కువ. నీలం టేపులో ఆకుపచ్చలో నూటికి తొంభై వంతులు, రూపాయిలో ఎనభై తొమ్మిది. ఫోటో మొత్తం ఇంకా కొంచెం పసుపే, కానీ టేపు ఎంత పసుపో రూపాయీ అంతే పసుపు. అంటే ఆ పసుపు వెలుతురుది, లోహానిది కాదు. ఈ లెక్క మోటుది, టేపూ నాణెమూ దాదాపు ఒకే వెలుగులో ఉన్న చోట మాత్రమే పనికొస్తుంది, బాగా చీకటిగా ఉన్న మూలలో చూస్తే తప్పు చెబుతుంది.

రెండో రూపాయి దగ్గర మాత్రం నేను ఆగుతున్నాను. మధ్యలో 170, 161, 142 ఉంది, అది బాగానే ఉంది. కొక్కెం పక్కన మాత్రం 181, 158, 128. అక్కడ ఎరుపు ఆకుపచ్చ కంటే నూటికి పదిహేను దాకా ఎక్కువ. టేపు పక్కనే ఉండగా ఇది వెలుతురు వల్ల కాదు. అక్కడ నిజంగానే ఎర్రపసుపు ఉంది.

కొరాపుట్ విజయ్

నా ఫోన్లో ఇప్పటికీ మొత్తం పసుపుగానే కనిపిస్తున్నాది, రెండూ. స్క్రీన్‌షాట్ తీసి పెడుతున్నాను చూడండి.

ఫోకస్ బరంపురం

మీ స్క్రీన్‌షాట్ నా మానిటర్లో ఆవిడ ఫోటోలాగే ఉంది, అంకెలు కూడా దాదాపు అవే. దాన్నిబట్టే తెలుస్తోంది, పసుపు ఫైల్లో లేదు మీ తెరలో ఉంది. రాత్రిపూట కళ్ళకి మంచిదని పెట్టుకునే కంటి రక్షణ సెట్టింగు ఆన్‌లో ఉందేమో చూడండి, అది తెరని పసుపు చేస్తుంది గానీ చాలా ఫోన్లలో స్క్రీన్‌షాట్‌లో పడదు. తెర రంగుల్లో వివిడ్ అని ఉంటే దాన్ని నేచురల్ చేయండి, వివిడ్‌లో ఉన్న రంగుని ఇంకా ముదురు చేస్తుంది, కాస్త ఛాయ ఉంటే బాగా కనబడేలా చేస్తుంది. లక్ష్మి గారూ, మీ మెరూన్ కథలో కూడా ఇది ఒక భాగం అయి ఉండొచ్చు, ఆ చీర ఫోటోని రెండు మూడు ఫోన్లలో పక్కపక్కన పెట్టి చూడండి.

కొరాపుట్ విజయ్

ఆన్‌లోనే ఉన్నాది, తీసేశాను, ఇప్పుడు తెల్లగా ఉన్నాది. సరే రంగు పక్కన పెడదాం. కానీ ఫోటోలో నమ్మదగ్గది ఏదీ లేదంటే నేను ఒప్పుకోను. పోత పోసిన నకిలీలు ఒకే అచ్చులోంచి వస్తాయి, ఒక నాణెం మీద ఎక్కడ గుంట ఉంటే రెండో దాని మీద కూడా అక్కడే, అదే ఆకారంలో గుంట ఉంటాది. అది వైట్ బేలన్స్ మారినా మారదు, వాలినా మారదు. ఈమె రెండూ 1918వే కదా, రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఫోకస్ బరంపురం

ఇది నూటికి నూరు పాళ్ళు ఒప్పుకుంటాను. ఏది దేని పక్కన ఉంది, ఏ గుంట ఏ అక్షరం కాలి దగ్గర ఉంది, ఇలాంటివి లెన్సు చెరపలేదు. ఒక్క జాగ్రత్త చాలు, నొక్కేసిన ఫోటోలో ఖాళీ జాగాల్లో చిన్న చిన్న గళ్ళు, మచ్చలు పుడతాయి, అవి గుంటల్లాగే కనబడతాయి. అసలు ఫైల్లో ఉంటేనే గుంట అనాలి. వీటి అసలు ఫైళ్ళు చూశాను, మొదటిదాని మీద చెవి వెనక ఒక గీత, రెండోదాని మీద చెంప దగ్గర ఒక దెబ్బ. రెండింటిలో ఒకేచోట ఒకే గుంట అనేది నాకైతే కనబడలేదు.

జయపురం కంసాలి

ఇప్పుడే చూశాను ఈ చర్చ. కొక్కెం పక్కన ఎర్రపసుపు అంటే నాకు కొత్త కాదు, మా నాన్నగారి కాలం నుంచి ఇలాంటి పేర్లు మరమ్మతుకి వస్తూనే ఉన్నాయి. రూపాయి వెండిలో నూటికి ఎనిమిది పాళ్ళు రాగి ఉంటుంది. కొక్కెం అతికేటప్పుడు నిప్పు తగిలితే ఆ రాగి పైకి వచ్చి మాడుతుంది, ఎర్రగా ఒక్కోసారి ఊదాగా మచ్చ పడుతుంది, రుద్దినా పోదు. అతుకు పెట్టే మిశ్రమంలో ఇత్తడి ఎక్కువైతే అది కూడా చుట్టూ పాకి పసుపుగా ఉంటుంది. రెండూ అసలు రూపాయి మీద జరిగేవే. అయితే పూత పోయి కింద ఇత్తడి బయటపడినా అక్కడే మొదట పోతుంది, తాడు రాసుకునేది అక్కడే కాబట్టి. ఫోటోలో ఈ మూడింటినీ ఎవరూ వేరు చేయలేరు అమ్మా, తూకం నీళ్ళ పరీక్ష చేసుకో. కొక్కెం ఉంది కాబట్టి 11.66 కోసం చూడకు, అది ఎటూ ఎక్కువే తూగుతుంది. పాయింటు తర్వాత రెండు అంకెలు చూపించే చిన్న కాటా మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చెయ్యి, దారంతో రూపాయిని నీళ్ళలో పూర్తిగా మునిగేలా వేలాడదియ్యి, అడుగుకి తగలకూడదు, బుడగలు ఉండకూడదు. కాటా చూపించిన అంకెతో పొడి బరువుని భాగించు. అసలు రూపాయి పదింపావుకి అటూ ఇటూ రావాలి, ఇత్తడి అయితే ఎనిమిదిన్నర చుట్టూ ఉంటుంది.

మహేంద్రతనయ

మా ఎదురింటి కొట్టువాళ్ళ కాటా అడిగి చేశాను మాస్టారూ. మొదటి రూపాయి పొడి బరువు 12.40, నీళ్ళలో కాటా 1.21 చూపించింది, భాగిస్తే 10.25. రెండోది పొడి బరువు 12.90, నీళ్ళలో 1.37, భాగిస్తే 9.42 వస్తోంది. మళ్ళీ చేసినా అంతే. ఇది ఇత్తడీ కాదు వెండీ కాదు, ఏమనుకోవాలి?

గుణుపూర్ మాస్టారు

మొదటిది అసలుదే, దాని గురించి ఇక ఆలోచించకు. రెండోది 9.42 అంటే 1940 నుంచి కొట్టిన సగం వెండి రూపాయలకి దగ్గరగా ఉంది, కానీ దాని మీద 1918 ఉంది, ఆ ఏడాది అలాంటి వెండి లేదు. నాకైతే అనుమానమే. అంచు చుట్టూ గీతలు ఉంటాయి కదా, పోత అయితే ఆ గీతల మధ్య ఒక అతుకు గీత చుట్టూరా కనబడుతుంది. పక్కనుంచి అంచు ఫోటో తీసి పెట్టు.

జయపురం కంసాలి

మాస్టారూ, అంత తొందరగా అనుమానించకండి. ఇది గొట్టం కొక్కెం. పాత పేర్లలో ఆ గొట్టం లోపల లక్క నింపేవాళ్ళు, తాడు కోసుకుపోకుండా, గొట్టం నొక్కుకుపోకుండా. లక్క తేలిక, నీళ్ళలో మాత్రం జాగా ఆక్రమిస్తుంది. నాలుగు మిల్లీమీటర్ల లావు, ఎనిమిది మిల్లీమీటర్ల పొడవు గొట్టంలో లక్క ఉంటే అదొక్కటే ఘన సెంటీమీటరులో పదో వంతు తినేస్తుంది, 1.37లోంచి అది తీసేస్తే లెక్క మళ్ళీ పది దాటుతుంది. రెండో రూపాయి కొక్కెం మొదటిదాని కంటే లావుగా ఉందా, దాని కన్నంలో నల్లగా గానీ ముదురు ఎరుపుగా గానీ ఏదైనా గట్టిపడి కనబడుతుందా చూసి చెప్పమ్మా. సూదితో పొడవకు, వేడి చెయ్యకు, కొక్కెం పీకించకు, పీకిస్తే ఆ మచ్చ ఇంకా పెద్దదవుతుంది.

మహేంద్రతనయ

రెండోదాని కొక్కెం లావుగానే ఉందండి. కన్నంలో తాడు ముక్క ఇరుక్కుని ఉంది, లోపల ఏముందో సరిగ్గా కనబడట్లేదు. రేపు పగటి వెలుతురులో అంచు ఫోటో, కన్నం ఫోటో రెండూ టేపు పక్కన పెట్టి దూరం నుంచి తీసి పెడతాను. అప్పటిదాకా ఇది ఎవరి వాటాలో వెయ్యాలో ఆపమని నాన్నకి చెప్పాను.

రాయగడ చిన్నారావు

నా 1911 దానికి కూడా ఈ నీళ్ళ పరీక్ష సేస్తాను. దానికి కొక్కెం లేదు, మరి సరిగ్గా 11.66 తూగాలా, అరిగిపోయుంటే ఎంత దాకా తగ్గొచ్చు?

గుణుపూర్ మాస్టారు

అరిగితే బరువు తగ్గుతుంది, ఎంత అనేది అరుగుని బట్టి ఉంటుంది. నీళ్ళ లెక్క మాత్రం మారదు, ఎంత అరిగినా పదింపావు దగ్గరే ఉండాలి. అది చేసి, ఏనుగు ఉన్న భాగం దూరం నుంచి తీసి, వేరే పోస్టులో పెట్టు, అక్కడ చూస్తాను.